ఏ విష్ణువర్ధనుడు? రాజుల పేర్ల వెనక అంకెల సంగతి

(రాజమహేంద్రవరంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వేంగి చాళుక్యుల గురించి ఈ ఊళ్లో మాట్లాడాలంటే కొంచెం బెరుకుగానే ఉంటుందండి. మీలో చాలామందికి ఈ రాజుల పేర్లు ఇంట్లోవాళ్ల పేర్లలాగా తెలుసు. కాబట్టి వాళ్ల యుద్ధాలూ దానధర్మాలూ ఇవాళ చెప్పను. వాళ్ల పేర్ల ముందు మనం పెట్టే 'మొదటి', 'రెండవ', 'ఆరవ' అనే మాటల గురించే చెబుతాను. పుస్తకాల్లో ఇంగ్లీషు వాళ్లు ఐ, వి అక్షరాలతో వేసే అంకెలూ ఇవే.

ముందుగా ఒక సంగతి. ఈ అంకెలు ఆ రాజులకు తెలియవు. వేంగి చాళుక్యుల రాగిరేకులు ఎన్ని చదివినా 'నేను నాలుగవ విష్ణువర్ధనుణ్ణి' అని చెప్పుకున్నవాడు కనపడడు. ఆయన విష్ణువర్ధన మహారాజు, అంతే. ఆయన తాతా విష్ణువర్ధన మహారాజే, మనవడూ విష్ణువర్ధన మహారాజే. ఫలానా విష్ణువర్ధనుడని తెలియాలంటే ఆ కాలంవాళ్లు తండ్రి పేరు చెప్పేవారు, బిరుదు చెప్పేవారు. అంకెలు వేసింది ఆధునిక చరిత్రకారులు. ఈ వంశం వరసనూ సంవత్సరాలనూ పద్ధతిగా కూర్చినవాళ్లలో ముఖ్యుడు ఫ్లీట్ దొర, 19వ శతాబ్దం చివర్లో. ఆ తరవాత కొత్త శాసనాలు దొరికాయి, కొత్త పండితులు వచ్చారు, కొన్ని అంకెలు మారాయి. పాత పుస్తకాల్లో మాత్రం పాత అంకెలే ఉండిపోయాయి. ఇవాళ్టి గొడవకు మూలం అక్కడుంది.

పేర్లు ఎందుకు తిరిగి తిరిగి వస్తాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. వేంగి వంశంలో అది ఎంత కచ్చితంగా జరిగిందో వరస వింటే తెలుస్తుంది. మూడవ విష్ణువర్ధనుడి కొడుకు మొదటి విజయాదిత్యుడు. అతని కొడుకు నాలుగవ విష్ణువర్ధనుడు. అతని కొడుకు రెండవ విజయాదిత్యుడు, నరేంద్ర మృగరాజు. అతని కొడుకు కలి విష్ణువర్ధనుడు, అంటే అయిదవవాడు. అతని కొడుకు మూడవ విజయాదిత్యుడు, మనందరికీ తెలిసిన గుణగ విజయాదిత్యుడు. ఆరు తరాలు, రెండే పేర్లు. సుమారుగా 719 నుంచి 892 దాకా, నూట డెబ్బై ఏళ్ల పైచిలుకు, శాసనాలు చెప్పే వేంగి రాజుల వరసలో ఉన్నది విష్ణువర్ధనుడో విజయాదిత్యుడో. మూడో పేరు లేదు.

నేను ఈ విద్య నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు ఒక కాగితం మీద మూడు పంక్తులు రాసి చేతికిచ్చారు. 'విష్ణువర్ధన మహారాజు పౌత్రుడు, విజయాదిత్య మహారాజు ప్రియతనయుడు, సర్వలోకాశ్రయ శ్రీ విష్ణువర్ధన మహారాజు. ఈయన ఎవరో చెప్పు' అన్నారు. నేను వంశవృక్షం తీసి, పై నుంచి కిందికి వేలు జరుపుకుంటూ వచ్చాను. తండ్రి విజయాదిత్యుడు, తాత విష్ణువర్ధనుడు. దొరికాడు, నాలుగవ విష్ణువర్ధనుడు అన్నాను. అయిదు నిమిషాల్లో తేల్చానని సంతోషం కూడా. ఆయన ఏమీ అనకుండా నా వేలు పట్టుకుని రెండు గళ్లు కిందికి జరిపారు. అక్కడ అయిదవ విష్ణువర్ధనుడు. ఆయన తండ్రీ విజయాదిత్యుడే, తాతా విష్ణువర్ధనుడే. మూడు తరాలూ అచ్చు గుద్దినట్టు సరిపోతున్నాయి. మొదటిది దొరకగానే ఆగిపోయాను, అదీ నేను చేసిన తప్పు. కిందికి కూడా చూసి, ఇంకెవరూ సరిపోరని తేలాక గదా పేరు పెట్టాలి!

ఈ చిక్కు ఎందుకొచ్చిందంటే, ఈ వంశపు తొలి శాసనాల్లో సాధారణంగా మూడు తరాలే చెబుతారు. తాత, తండ్రి, దానం చేస్తున్న రాజు. కుబ్జ విష్ణువర్ధనుడి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క రాజూ ఎన్నేళ్లు ఏలాడో లెక్క చెప్పే పెద్ద పట్టిక తరవాతి శాసనాల్లో వస్తుంది. 'సత్యాశ్రయ వల్లభేంద్రుని తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు పద్దెనిమిదేళ్లు, అతని కొడుకు జయసింహ వల్లభుడు ముప్ఫై మూడేళ్లు' అంటూ మొదలై అలా సాగిపోతుంది. ఆ పట్టిక ఉన్న శాసనమైతే చిక్కే లేదు. మూడు తరాల శాసనమైతే మాత్రం ఆగి ఆలోచించాలి.

మరి ఎలా తేలుస్తాం? మా గురువుగారు ఆ రోజు చూపించిన దారే చెబుతాను. 'కాగితం మీద లేనిది అడుగు' అన్నారు ఆయన. నాకిచ్చింది మూడు పంక్తులు. శాసనం అంటే సాధారణంగా ఒక ఉంగరానికి గుచ్చిన మూడు, నాలుగు, అయిదు రేకులు. చివరి రేకు మీద, కొన్నిట్లో, 'ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరం' ఫలానా అని ఉంటుంది. అంటే ఆ రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు అని. నాలుగవ విష్ణువర్ధనుడు ముప్ఫై ఆరేళ్లు ఏలాడు. అయిదవ విష్ణువర్ధనుడు ఏడాదిన్నర. కాబట్టి ఆ చివరి రేకు మీద అయిదో ఏడనో పదో ఏడనో ఉంటే అయిదవవాడు తప్పుకున్నట్టే. ఒకటో ఏడనో రెండో ఏడనో ఉంటే ఇద్దరూ నిలబడతారు. చివరి రేకు పోయి ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే.

అప్పుడు తండ్రిని ఎలా వర్ణించారో చూడాలి. అయిదవవాడి తండ్రి నరేంద్ర మృగరాజు. పన్నెండేళ్లలో రాత్రింబవళ్లు నూట ఎనిమిది యుద్ధాలు చేసి, అన్ని శివాలయాలు కట్టించాడని తరవాతి శాసనాలు ఆయన్ని పొగుడుతాయి. అంతటి తండ్రిని కొడుకు తన శాసనంలో ఉత్త 'విజయాదిత్య మహారాజు' అని వదిలేస్తాడా? వదిలేయడం కష్టం. కాబట్టి యుద్ధాల మాటా గుళ్ల మాటా ఉంటే అయిదవవాడి వైపు మొగ్గుతాం. లేకపోతే నాలుగవవాడి వైపు మొగ్గుతాం, కానీ అది మొగ్గడమే. లేనిదాన్ని పట్టుకుని తీర్పు చెప్పడం ఎప్పుడూ బలహీనమైన పని.

లిపి చూడొచ్చు కదా అని మీరనొచ్చు. లిపి శతాబ్దాన్ని చెబుతుంది. 772లో మొదలైనవాడికీ 847లో మొదలైనవాడికీ తేడా చెప్పగలదేమో గానీ, నాలుగవవాడి చివరి రోజులకూ అయిదవవాడికీ నడుమ ఉన్నది నలభై ఏళ్లే. ఒకే లేఖరి చిన్నప్పుడు ఒకరికి, పెద్దయ్యాక ఇంకొకరికి చెక్కి ఉండొచ్చు. ముద్ర చూసి తేలుద్దామంటే 'శ్రీ త్రిభువనాంకుశ' అనే ముద్ర ఈ వంశంలో ఒకరిది కాదు, వరసగా చాలామందిది. కొంచెం గట్టి ఆధారం ఆజ్ఞప్తి. అంటే దానాన్ని అమలు జరిపే అధికారి. ఆయన పేరో వంశమో ఇంకొక శాసనంలో, కాలం తెలిసిన శాసనంలో కనపడితే ఈ శాసనం కూడా అక్కడికి దగ్గరలో పడుతుంది. అందుకే శాసనం చదివేవాళ్లు రాజు పేరు కన్నా చివరన వచ్చే ఈ చిన్న మనుషుల పేర్ల మీద ఎక్కువ కళ్లు పెడతారు.

బిరుదును కూడా గుడ్డిగా నమ్మకూడదు. పేరుతో పాటే బిరుదూ వారసత్వంగా దిగివస్తుంది. 'విషమసిద్ధి' అనగానే కుబ్జ విష్ణువర్ధనుడే అనుకుంటాం, ఆయన తరవాతి విష్ణువర్ధనులకూ ఆ బిరుదుంది. ఇద్దరు జయసింహులూ 'సర్వసిద్ధి'లే. సింహం బొమ్మతో 'విషమసిద్ధి' అని ఉన్న నాణెం చేతిలో పెట్టి ఇది ఎవరిదండీ అంటే, ఒక పేరు ఠక్కున చెప్పేవాడి కన్నా కాసేపు తటపటాయించేవాడే సరిగ్గా చదువుకున్నాడని నా లెక్క.

ఇక్కడ ఇంకో రకం తప్పు చెప్పాలి. ఇది చదవడంలో వచ్చేది కాదు, ఎత్తిరాయడంలో వచ్చేది. కొన్నేళ్ల క్రితం ఒక ప్రత్యేక సంచికకు నేనే వంశావళి రాసిచ్చాను. అచ్చులో అది వచ్చింది. చదివాను, బాగానే ఉందనిపించింది. విష్ణువర్ధనుడు, అతని కొడుకు విజయాదిత్యుడు, అతని కొడుకు విష్ణువర్ధనుడు, అలా వరస నడుస్తోంది. రెండు నెలల తరవాత ఒక పాఠకుడు ఉత్తరం రాశారు, 'మీ పట్టికలో 755కీ 808కీ నడుమ వేంగిని ఎవరు ఏలారండీ?' అని. తీసి చూస్తే మొదటి విజయాదిత్యుడూ నాలుగవ విష్ణువర్ధనుడూ ఇద్దరూ లేరు. శుభ్రప్రతి రాసేటప్పుడు కన్ను ఒక విష్ణువర్ధనుడి దగ్గర్నుంచి ఇంకో విష్ణువర్ధనుడి దగ్గరికి జారిపోయింది.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఒక్క రాజు పోతే వరస వెంటనే తెగుతుంది. విష్ణువర్ధనుడి కొడుకు విష్ణువర్ధనుడు అని వస్తుంది, కంటికి తగులుతుంది. జంట పోతే తెగదు. పేర్లు రెండే కాబట్టి, ఇద్దరు మాయమైనా మిగిలినవాళ్లు దగ్గరికి జరిగి చేతులు కలిపేసుకుంటారు. అక్కడితో అయిందా అంటే కాలేదు. తరవాత ఎవరైనా ఆ పట్టిక చూసి పై నుంచి అంకెలు లెక్కపెడితే నరేంద్ర మృగరాజు మొదటి విజయాదిత్యుడు అయిపోతాడు, గుణగుడు రెండవవాడు అయిపోతాడు. ఈ తప్పును పేర్లు చూసి పట్టుకోలేం. ఏళ్లు కూడితేనే దొరుకుతుంది. మొదటి విజయాదిత్యుడికి పద్దెనిమిది, నాలుగవ విష్ణువర్ధనుడికి ముప్ఫై ఆరు, మొత్తం యాభై నాలుగు. ఆ పాఠకుడు పేర్లు చూడలేదు, ఏళ్లు చూశాడు. అప్పటినుంచి ఏ వంశావళి రాసినా ఏలుబడి ఏళ్లు పక్కన వేసి, కింద నుంచి పైకి కూడి చూసుకోకుండా బయటికి పంపను.

ఆ కూడిక కూడా తేలికేం కాదు లెండి. రెండవ విజయాదిత్యుడు ఎన్నేళ్లు ఏలాడంటే ఒక శాసనం నలభై ఎనిమిదంటుంది, ఒకటి నలభై నాలుగంటుంది, ఇంకొకటి నలభై అంటుంది. జయసింహుడికి ముప్ఫై మూడని కొన్ని, ముప్ఫై అని కొన్ని. పైగా నిండని ఏడును కూడా ఒక ఏడుగా లెక్క వేస్తే వరసలో కలిసేచోట రెండుసార్లు పడుతుంది. అందుకే వంశం మొదలైన ఏడు ఫ్లీట్ లెక్కలో 615 అయితే, తరవాతి పండితుల లెక్కలో 624. గట్టిగా నిలబడే గుంజలు కొన్నే. చాళుక్య భీముడు 892లో పట్టం కట్టుకోవడం ఒకటి, రెండవ అమ్మరాజు 945లో పట్టం కట్టుకోవడం ఒకటి. ఆ గుంజల నడుమ ఏళ్లను సర్దుకుంటూ వస్తాం. కాబట్టి పుస్తకంలో 772 అని చూసినప్పుడు అది రాతి మీద చెక్కిన 772 కాదని, సర్దగా వచ్చినదని గుర్తుంటే చాలు.

ఇప్పుడు అసలు అంకెల తగాదాకి వస్తాను. 'ఆరవ విజయాదిత్యుడు ఎవరు?' అనే ప్రశ్నకు రెండు జవాబులున్నాయి, రెండూ పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉన్నవే. ఒక జవాబు రెండవ అమ్మరాజు, 945 నుంచి 970. రెండో జవాబు రాజరాజనరేంద్రుడి సవతి తమ్ముడు విజయాదిత్యుడు, అన్నగారి మీద తిరగబడి కొన్నాళ్లు వేంగిని పట్టుకుని, అన్న పోయాక 1060ల నుంచి 1075 దాకా ఏలినవాడు. ఒకరికీ ఒకరికీ నూరేళ్ల దూరం.

ఇది ఎలా జరిగిందో చూడండి. పదో శతాబ్దం వచ్చేసరికి ఇంట్లో పిలిచే పేర్లు మారాయి. భీముడు, అమ్మరాజు, తాడపుడు, బేతరాజు అని తేటతెలుగు పేర్లు వచ్చాయి. కానీ పట్టాభిషేకం నాడు మాత్రం పాత సంప్రదాయం వదల్లేదు. కిరీటం పెట్టుకోగానే ఒకరు విష్ణువర్ధనుడు, ఒకరు విజయాదిత్యుడు. మొదటి అమ్మరాజు పట్టాభిషేక నామం విష్ణువర్ధనుడు. రెండవ అమ్మరాజుది విజయాదిత్యుడు. ఇప్పుడు లెక్కపెట్టేవాళ్ల ముందు రెండు దారులున్నాయి. పట్టాభిషేక నామాన్ని లెక్కలోకి తీసుకుంటే రెండవ అమ్మరాజే ఆరవ విజయాదిత్యుడు. అప్పుడు రాజరాజనరేంద్రుడి తమ్ముడు ఏడవవాడవుతాడు. వాడుక పేరునే లెక్కలోకి తీసుకుంటే అమ్మరాజు ఈ వరసలోకే రాడు, తమ్ముడే ఆరవవాడు. రెండు లెక్కల్లోనూ తప్పు లేదు. ఒక లెక్కలో సగం, ఇంకో లెక్కలో సగం తీసుకుంటే వస్తుంది తప్పు. ఒక పుస్తకంలో ఆరవ విజయాదిత్యుడు 945లో రాజయ్యాడని చూసి, ఇంకో పుస్తకంలో ఆరవ విజయాదిత్యుడు 1075లో చనిపోయాడని చూసి, రెండూ ఒక వాక్యంలో పెడితే నూట ముప్ఫై ఏళ్ల రాజు తయారవుతాడు. ఇంత పెద్ద తేడా కాబట్టి ఎవరైనా పట్టుకుంటారు. తేడా పాతికేళ్లో ముప్ఫై ఏళ్లో అయితే ఎవరూ పట్టుకోరు, అది అలా నిలిచిపోతుంది.

అలా నిలిచిపోయేది భీముడి విషయం. 892లో వచ్చిన చాళుక్య భీముడు మొదటివాడు, దాని మీద పేచీ లేదు. మొదటి అమ్మరాజు పోయాక 927 ప్రాంతంలో సింహాసనం కోసం పెద్ద పెనుగులాట జరిగింది. కంఠిక బేతరాజు, అంటే అయిదవ విజయాదిత్యుడు, పదిహేను రోజులు. తాడపుడు నెల. రెండవ విక్రమాదిత్యుడు దాదాపు పదకొండు నెలలు. తరవాత ఒక భీముడు, ఎనిమిది నెలలు. ఆ తరవాత రెండవ యుద్ధమల్లుడు ఏడేళ్లు. అతన్ని వెళ్లగొట్టి వచ్చినవాడు ఇంకో భీముడు, పన్నెండేళ్లు ఏలాడు, రెండవ అమ్మరాజుకు తండ్రి ఈయనే. ఆ ఎనిమిది నెలల భీముణ్ణి లెక్కలో వేస్తే పన్నెండేళ్లు ఏలిన భీముడు మూడవవాడు. 'చాళుక్య భీముడు' అనే పూర్తి పేరున్నవాళ్లనే లెక్క వేస్తే ఈయన రెండవవాడు. ఒకే మనిషి, ఒక పుస్తకంలో రెండవ చాళుక్య భీముడు, ఇంకో పుస్తకంలో మూడవ భీముడు. మనకు కావలసినవాడు పన్నెండేళ్లవాడా, ఎనిమిది నెలలవాడా అన్నది అంకెను బట్టి తెలియదు. తండ్రిని బట్టి, వెనక వచ్చిన కొడుకును బట్టి తెలుస్తుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. మొదటి అమ్మరాజూ, ఈ పన్నెండేళ్ల భీముడూ అన్నదమ్ములు. తల్లులు వేరు, తండ్రి ఒకడే, కొల్లభిగండ విజయాదిత్యుడు. ఇద్దరికీ పట్టాభిషేక నామం విష్ణువర్ధనుడే, ఆరవవాడూ ఏడవవాడూ. అంటే తండ్రి పేరూ తాత పేరూ చెప్పినా చాలని చోటు ఇది. తల్లి పేరు దాకా వెళ్లాలి. మేలాంబ కొడుకు అని ఉంటే భీముడు.

ఈ వరసలో రెండవ విక్రమాదిత్యుడు, రెండవ యుద్ధమల్లుడు అన్నాను కదా. మొదటివాళ్లు ఎప్పుడు ఏలారని మీకు అనుమానం రావాలి. ఏలలేదండి. మొదటి విక్రమాదిత్యుడు గుణగుడి తమ్ముడు, యువరాజుగానే ఉండిపోయాడు, చాళుక్య భీముడికి తండ్రి. మొదటి యుద్ధమల్లుడూ గుణగుడి తమ్ముడే, తాడపుడికి తండ్రి. ఇద్దరికీ పట్టాభిషేకం లేదు. అయినా వంశవృక్షంలో పేరుంది కాబట్టి అంకె ఇచ్చారు. బెజవాడలో మధ్యాక్కర పద్యాలున్న శాసనం వేయించిన యుద్ధమల్లుడు రెండవవాడని చదివి, మొదటి యుద్ధమల్లుడి పాలన ఏ సంవత్సరాల్లోనో వెతుకుతూ కూర్చునే విద్యార్థులు నాకు తెలుసు. ఆ సంవత్సరాలు ఎక్కడా దొరకవు. అంకె వంశవృక్షంలో స్థానాన్ని చెబుతోంది, సింహాసనాన్ని కాదు.

దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేది హైదరాబాదు లెక్క. మొదటి ఆసఫ్ జా 1748లో పోయాడు. రెండవ ఆసఫ్ జా నిజాం అలీ ఖాన్ 1762లో వచ్చాడు. నడుమ పద్నాలుగేళ్లు ఖాళీ కాదు. నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ ముగ్గురు ఏలారు. వాళ్లకు ఆసఫ్ జా అనే బిరుదు లేదు కాబట్టి ఆ అంకెల్లో చోటు లేదు. అక్కడ అంకె బిరుదుకి, మనిషికి కాదు. ఏడవ నిజాం అంటే దక్కను ఏలిన ఏడో మనిషి అనుకుంటే ముగ్గురు గల్లంతవుతారు.

ఓరుగల్లులోనూ ఉంది ఈ చిక్కు. 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుణ్ణి కొన్ని పుస్తకాలు మొదటి ప్రతాపరుద్రుడంటాయి. అలాంటి పుస్తకంలో 1323లో ఢిల్లీ సేనకు చిక్కిన ప్రతాపరుద్రుడు రెండవవాడు. మిగతా పుస్తకాల్లో ఆయన ఒక్కడే ప్రతాపరుద్రుడు, అంకె అక్కర్లేదు. ఈ ఇద్దరి నడుమ రుద్రమదేవి ఉంది. ఆవిడ శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అని మగ పేరుతోనే కనపడుతుంది. 'రుద్రదేవ మహారాజు' అన్న మాట ఒక్కటే మిగిలిన విరిగిన రాయి దొరికితే, పక్కన శకసంవత్సరం లేకపోతే, అది తాతల నాటి రుద్రదేవుడిదా రుద్రమదేవిదా అన్నది నూరేళ్ల తేడా.

(సభలోంచి ఒకాయన: 'అయ్యా, అయితే రాసేటప్పుడు అంకె మానేయమంటారా?')

మానేయక్కర్లేదండి. అంకె ఉంటే మాట్లాడుకోవడం సులువు. దాన్ని ఒంటరిగా వదలొద్దంటాను. నేను రాసేటప్పుడు మొదటిసారి పేరు వచ్చినచోట తండ్రి పేరో బిరుదో, ఏలుబడి సంవత్సరాలో కలిపి రాస్తాను. 'నాలుగవ విష్ణువర్ధనుడు, మొదటి విజయాదిత్యుని కొడుకు, 772–808' అని. అప్పుడు రేపు ఎవరైనా కొత్త శాసనం చదివి నా అంకె మార్చినా మనిషి మారడు. ఇంకొకటి, ఎవరి పుస్తకంలోంచి అంకె తీసుకుంటే చివరి దాకా ఆ పుస్తకం లెక్కనే పట్టుకోవాలి. అలాగే శాసనంలో అంకె లేదని గుర్తుపెట్టుకోవాలి. శాసన పాఠం ఎత్తిరాసేటప్పుడు 'విష్ణువర్ధన' అని ఉన్నచోట 'నాలుగవ విష్ణువర్ధన' అని మనం కలపకూడదు. కలిపితే మన ఊహ శాసనంలోకి ఎక్కిపోతుంది, తరవాత వచ్చినవాడు అది రాగిరేకు మీదే ఉందనుకుంటాడు.

(సభలోంచి ఒకావిడ: 'మా ఊరి పేరు రాజరాజనరేంద్రుడి వల్ల వచ్చిందంటారు కదండీ. మరి తంజావూరు రాజరాజుకీ ఈయనకీ సంబంధం ఏమిటి? పిల్లలు ఇద్దరూ ఒకరే అనుకుంటున్నారు.')

అమ్మా, ఇద్దరూ తాతా మనవలు. తంజావూరులో పెద్ద గుడి కట్టించినవాడు మొదటి రాజరాజ చోళుడు, 985 నుంచి 1014. ఆయన కూతురు కుందవ్వను మన విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ల కొడుకు రాజరాజనరేంద్రుడు, నన్నయగారి చేత భారతం మొదలుపెట్టించినవాడు. మాతామహుడి పేరు పెట్టారు. వేంగి వరసలో ఈయనే మొదటి రాజరాజు. కాబట్టి 'మొదటి రాజరాజు' అని ఊరికే రాస్తే అది తంజావూరులో ఒకరు, ఇక్కడ ఒకరు. పట్టాభిషేక నామంతో చూస్తే ఈయన ఎనిమిదవ విష్ణువర్ధనుడు. ఇంకో జాగ్రత్త, చోళ చరిత్రలో ఇద్దరు కుందవ్వలున్నారు. రాజరాజ చోళుడి అక్క ఒకరు, కూతురు ఒకరు. మన వేంగి కోడలు కూతురు.

ఆ తరవాతి తరం ఇంకా చిక్కు. రాజరాజనరేంద్రుడు రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. వాళ్ల కొడుక్కి మళ్లీ మాతామహుడి పేరే, రాజేంద్రుడు. ఈ రాజేంద్రుడే 1070లో చోళ సింహాసనం ఎక్కి, తరవాత కులోత్తుంగుడయ్యాడు. పాత పుస్తకాల్లో ఈయన్ని రెండవ రాజేంద్ర చోళుడన్నారు. ఇప్పటి పుస్తకాల్లో రెండవ రాజేంద్ర చోళుడంటే వేరే ఆయన, ఈయన మేనమామ. పాత పుస్తకం లోంచి ఒక వాక్యం తీసుకుంటే ముందు ఆ పుస్తకం ఎప్పుడు అచ్చయిందో చూడండి.

ఇక ఊరి పేరు. జనం రాజరాజనరేంద్రుడి పేరు చెప్పుకుంటారు, ఆయన ఏలిన ఊరు, ఆయన మీద ప్రేమ. కానీ 'రాజమహేంద్ర' అనే బిరుదు ఆయనకు నూరేళ్ల ముందు నుంచే వంశంలో ఉంది. మొదటి అమ్మరాజు, 921 నుంచి 927 దాకా ఏలినవాడు, రాజమహేంద్రుడు. ఊరు ఆయన బిరుదు మీద వెలిసిందని చాలామంది చరిత్రకారులు అంటారు. అయితే రెండవ అమ్మరాజుకీ అదే పేరు, అదే బిరుదు. అమ్మరాజు, రాజమహేంద్రుడు, రెండూ ఇద్దరికీ ఉన్నాయి. పట్టాభిషేక నామం ఒక్కటే వేరు. మొదటాయన విష్ణువర్ధనుడు, రెండో ఆయన విజయాదిత్యుడు. ఈసారి ఎవరైనా మీతో 'రాజమహేంద్రుడైన అమ్మరాజు కట్టించిన ఊరు' అంటే, ఆ అమ్మరాజు విష్ణువర్ధనుడా విజయాదిత్యుడా అని అడగండి.